కొబ్బరి నూనె సబ్బుగా ఎలా మారుతుంది, ఆ సబ్బు జిడ్డును ఎలా వదిలిస్తుంది: తరచుగా అడిగే ప్రశ్నలు

డిగ్రీ విద్యార్థులకు సబ్బు తయారీ ప్రయోగం చేయించేటప్పుడు ఏటా వినే ప్రశ్నలూ, ఇంట్లో సబ్బు చేసుకునేవారు అడిగే ప్రశ్నలూ ఇక్కడ ఒకచోట చేర్చాను. ఉదాహరణ మొదటినుంచి చివరిదాకా ఒక్కటే: అర కిలో కొబ్బరి నూనె.

నూనెలో ఉన్నది కొవ్వు ఆమ్లాలేనా?

స్వేచ్ఛగా ఉన్నవి చాలా తక్కువ. నూనెలో దాదాపు అంతా ట్రైగ్లిజరైడ్లే. ఒక గ్లిజరాల్ అణువుకు మూడు చేతులున్నాయనుకోండి. ఒక్కో చేతిని ఒక్కో కొవ్వు ఆమ్లం పట్టుకుని ఉంటుంది. ఆ పట్టునే ఎస్టర్ బంధం అంటాం. కొబ్బరి నూనెలోని కొవ్వు ఆమ్లాల్లో దాదాపు సగం లారిక్ ఆమ్లం, అంటే పన్నెండు కార్బన్ల గొలుసు. మిగతా సగంలో మిరిస్టిక్, పామిటిక్, కాప్రిలిక్ వంటివి ఉంటాయి. లెక్క సులువుగా ఉండటానికి మూడు చేతులకూ లారిక్ ఆమ్లమే ఉన్న ట్రైలారిన్‌ను నమూనాగా తీసుకుందాం.

సపోనీకరణంలో జరిగేది ఏమిటి?

క్షారంతో ఆ మూడు ఎస్టర్ బంధాలనూ విడదీయడమే. గ్లిజరాల్ విడిగా పోతుంది, కొవ్వు ఆమ్లాలు సోడియం లవణాలుగా మిగులుతాయి. ఆ లవణాలే సబ్బు.

```
C39H74O6 + 3 NaOH → 3 C11H23COONa + C3H8O3
639 గ్రా.   120 గ్రా.   667 గ్రా.       92 గ్రా.
```

రెండు వైపులా కూడితే 759 గ్రాములే వస్తుంది. మూడు బంధాలూ ఒకేసారి తెగవు. మొదట డైగ్లిజరైడ్, తర్వాత మోనోగ్లిజరైడ్, చివరికి గ్లిజరాల్ ఏర్పడతాయి.

అయితే కాస్టిక్ సోడా ఉత్ప్రేరకమా?

కాదు. పరీక్ష పేపర్లలో నేను ఎక్కువగా ఎర్ర సిరా పెట్టే చోటు ఇదే. ఉత్ప్రేరకం చర్య ముగిశాక తిరిగి చేతికి వస్తుంది. ఇక్కడ సోడియం హైడ్రాక్సైడ్ సబ్బులో భాగమై ఖర్చయిపోతుంది. అందుకే దాన్ని చిటికెడు వేస్తే సరిపోదు, నూనెకు తగ్గట్టు తూచి వేయాలి. ఆమ్లంతో ఎస్టర్‌ను జలవిశ్లేషణ చేసినప్పుడు మాత్రం ఆమ్లం నిజంగానే ఉత్ప్రేరకం.

హైడ్రాక్సైడ్ ఎస్టర్ బంధాన్ని ఎలా విడగొడుతుంది?

ఎస్టర్‌లో మధ్యనున్న కార్బన్‌ను చూడండి. దానికి ఒక ఆక్సిజన్ ద్విబంధంతో, ఇంకొక ఆక్సిజన్ ఏకబంధంతో అతుక్కుని ఉన్నాయి. ఆక్సిజన్‌కు ఎలక్ట్రాన్లను తనవైపు లాక్కునే స్వభావం ఉంది. ఇద్దరు లాగేవాళ్ల మధ్య చిక్కిన ఆ కార్బన్ మీద కొంత ధనావేశం తేలుతుంది. పైగా అక్కడ అణువు చదునుగా ఉంటుంది కాబట్టి పైనుంచో కిందనుంచో దాన్ని చేరుకోవడానికి దారి ఉంది.

ఋణావేశమున్న హైడ్రాక్సైడ్ అయాన్ తన ఎలక్ట్రాన్ జంటతో వచ్చి ఆ కార్బన్‌కు అతుక్కుంటుంది. కార్బన్ నాలుగు బంధాలకు మించి భరించలేదు. అందుకని ద్విబంధంలోని ఒక ఎలక్ట్రాన్ జంట పై ఆక్సిజన్ మీదికి జరుగుతుంది. ఇప్పుడు కార్బన్ చుట్టూ నాలుగు ఏకబంధాలు, చదునుగా ఉన్నది కాస్తా నాలుగు మూలల ఆకారంలోకి మారింది. దీన్ని చతుర్ముఖీయ మధ్యస్థం అంటారు. మామూలుగా ఈ చేరికే మొత్తం చర్యలో నిదానమైన మెట్టు. అందుకే చర్య వేగం ఎస్టర్ గాఢత మీదా, హైడ్రాక్సైడ్ గాఢత మీదా, రెండింటి మీదా ఆధారపడుతుంది.

ఈ మధ్యస్థం ఎక్కువసేపు నిలవదు. పై ఆక్సిజన్ తన ఎలక్ట్రాన్లను తిరిగి కిందికి పంపి ద్విబంధాన్ని మళ్లీ ఏర్పరచుకుంటుంది. అప్పుడు ఎవరో ఒకరు బయటికి పోవాలి. వచ్చిన హైడ్రాక్సైడే పోతే కథ మొదటికి వస్తుంది, పాత ఎస్టరే మిగులుతుంది. గ్లిజరాల్ వైపు ఆక్సిజన్ పోతే ఎస్టర్ బంధం తెగినట్లే. అప్పుడు ఒకవైపు కొవ్వు ఆమ్లం, మరోవైపు ఋణావేశమున్న గ్లిజరాల్ ముక్క, అంటే ఆల్కాక్సైడ్, మిగులుతాయి.

చివరి మెట్టు కన్నుమూసి తెరిచేలోపు జరిగిపోతుంది. క్షార ద్రావణంలో కొవ్వు ఆమ్లం తన ప్రోటాన్‌ను నిలుపుకోలేదు, ఆల్కాక్సైడో హైడ్రాక్సైడో దాన్ని లాగేసుకుంటుంది. ఆమ్లం కార్బాక్సిలేట్ అయాన్‌గా మారుతుంది. ఈ కార్బాక్సిలేట్ చివరను గుర్తుపెట్టుకోండి, కింద మళ్లీ మళ్లీ వస్తుంది.

తెగేది ఆ బంధమేనని ఎలా తెలుసు? గ్లిజరాల్ వైపు కార్బన్ దగ్గర కూడా తెగవచ్చు కదా?

మంచి అనుమానం. ఎటు తెగినా చివరికి దొరికే పదార్థాలు అవే, చూస్తే తేడా తెలియదు. 1934లో పొలాన్యీ, సాబో దీన్ని బరువైన ఆక్సిజన్‌తో తేల్చారు. ఆక్సిజన్-18 ఉన్న నీటిలో ఎమైల్ ఎసిటేట్ అనే ఎస్టర్‌ను క్షారంతో జలవిశ్లేషణ చేశారు. హైడ్రాక్సైడ్ ఆల్కహాల్ వైపు కార్బన్‌ను తాకి ఉంటే బరువైన ఆక్సిజన్ ఆల్కహాల్‌లో కనిపించాలి. కనిపించలేదు. అంటే ఆల్కహాల్ తన పాత ఆక్సిజన్‌తోనే బయటికి వచ్చింది, కొత్త ఆక్సిజన్ ఆమ్లం వైపు చేరింది.

1951లో బెండర్ ఇంకొంచెం లోపలికి వెళ్లాడు. ఈసారి గుర్తు పెట్టింది నీటికి కాదు, ఎస్టర్‌లోని ద్విబంధ ఆక్సిజన్‌కు. చర్యను సగంలో ఆపి, ఇంకా మారకుండా మిగిలిన ఎస్టర్‌ను పరీక్షిస్తే అందులో కొంత గుర్తు పోయి ఉంది. నీటి ఆక్సిజన్ ఎస్టర్‌లోకి వచ్చి, పాత ఆక్సిజన్ బయటికి పోయిందన్నమాట. ఆ రెండు ఆక్సిజన్లూ కాసేపు ఒకే కార్బన్ మీద సమాన హోదాలో కూర్చుంటే తప్ప ఇది జరగదు. పైన చెప్పిన చతుర్ముఖీయ మధ్యస్థం ఊహ కాదనడానికి ఇంతకన్నా అందమైన ఆధారం నాకు తెలియదు.

సబ్బూ గ్లిజరాలూ మళ్లీ కలిసి నూనె కావా?

కావు. కార్బాక్సిలేట్ చివర ఋణావేశం రెండు ఆక్సిజన్ల మీదా పరుచుకుని స్థిరంగా ఉంటుంది. దాని దగ్గరికి ఎలక్ట్రాన్లతో వచ్చేవారికి చోటు లేదు. ప్రోటాన్‌ను ఎంత గట్టిగా పట్టుకుంటుందో చెప్పే అంకె పీకేఎ. కొవ్వు ఆమ్లానికి అది దాదాపు 5, ఆల్కహాల్‌కు 15 చుట్టుపక్కల. పది అంకెల తేడా అంటే వెయ్యి కోట్ల రెట్లు. ప్రోటాన్ చేతులు మారిన ఆ చివరి మెట్టే చర్య మొత్తాన్నీ ఒకే దిక్కుకు లాగుతుంది.

అర కిలో కొబ్బరి నూనెకు కాస్టిక్ సోడా ఎంత?

ట్రైలారిన్ లెక్క ప్రకారం గ్రాముకు 120ని 639తో భాగిస్తే 0.188 గ్రాములు రావాలి. నిజమైన కొబ్బరి నూనెలో పొడవైన గొలుసులు కూడా కలిసి ఉంటాయి కాబట్టి 0.183 వాడతారు. 500 గ్రాముల నూనెకు 91.5 గ్రాములు.

ఇంత కచ్చితంగా వేయరు. తూకంలో చిన్న తప్పు దొర్లినా క్షారం మిగిలిపోతుంది కాబట్టి కావాలనే కొంత తగ్గిస్తారు. బట్టలకో గిన్నెలకో చేసే సబ్బుకు ఐదు శాతం తగ్గించి 87 గ్రాములు చాలు. ఒంటికైతే పూర్తిగా కొబ్బరి నూనెతో చేసిన సబ్బు చర్మాన్ని ఎండగడుతుంది. అందుకని చాలామంది ఇరవై శాతం తగ్గించి 73 గ్రాములే వేస్తారు. మారకుండా మిగిలిన నూనె చర్మం మీద మెత్తగా ఉంటుంది.

87 గ్రాముల కాస్టిక్ సోడాను 180 గ్రాముల నీటిలో కొద్దికొద్దిగా వేస్తూ కరిగించాలి. నీటిలో సోడా వేయాలి, సోడా మీద నీరు పోయకూడదు. ద్రావణం క్షణాల్లో పొగలు కక్కేంత వేడెక్కుతుంది, నీరు మీద పోస్తే చిమ్మి కళ్లలో పడుతుంది. కళ్లద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి. స్టీలు లేదా గట్టి ప్లాస్టిక్ పాత్ర వాడండి. అల్యూమినియం గిన్నెను మాత్రం దరిదాపులకు రానివ్వకండి. క్షారం దాన్ని తినేస్తూ హైడ్రోజన్ వాయువు వదులుతుంది. ఒంటిమీద పడితే వెనిగర్ కోసం వెతక్కుండా వెంటనే ధారగా నీళ్లతో చాలాసేపు కడగాలి.

రెండూ గోరువెచ్చగా అయ్యాక నూనెలో ద్రావణం పోసి చిలుకుతూ ఉంటే మిశ్రమం చిక్కబడుతుంది. గరిటె నుంచి జారిన ధార పైన కాసేపు గీతలా నిలిస్తే అచ్చులో పోయవచ్చు. కొబ్బరి నూనె సబ్బు త్వరగా గట్టిపడుతుంది. మర్నాటిదాకా ఆగితే కత్తి పెట్టగానే పెళ్లలు ఊడుతుంది కాబట్టి అదే రోజు, ఇంకా కొంచెం మెత్తగా ఉండగానే కోసేయండి. తర్వాత నాలుగు వారాలు గాలికి ఆరనివ్వాలి. చర్య చాలావరకు మొదటి రోజు రెండు రోజుల్లోనే అయిపోతుంది, ఈ వారాలన్నీ ప్రధానంగా నీరు ఆవిరై సబ్బు గట్టిపడటానికి.

ఇదే కొలతతో నువ్వుల నూనె సబ్బు చేయవచ్చా?

చేయకండి. కొబ్బరి నూనె గొలుసులు పొట్టివి, నువ్వుల నూనెవి పొడవైనవి. పొట్టి గొలుసుల అణువు తేలిక కాబట్టి గ్రాముకు ఎక్కువ అణువులు పడతాయి, తెగాల్సిన బంధాలూ ఎక్కువే. అందుకే కొబ్బరికి గ్రాముకు 0.183 కావాల్సిన చోట నువ్వుల నూనెకు 0.135 దగ్గర సరిపోతుంది. అర కిలోకు 67 లేదా 68 గ్రాములు. అక్కడ 87 వేస్తే దాదాపు 20 గ్రాముల కాస్టిక్ సోడా వాడుకోవడానికి నూనె లేక సబ్బులోనే ఉండిపోతుంది. అది చర్మాన్ని కాల్చే సరుకు.

మొదట ఎంతసేపు చిలికినా మారదు, తర్వాత ఒక్కసారిగా చిక్కబడుతుంది. ఎందుకని?

హైడ్రాక్సైడ్ నీటిలో ఉంది, ఎస్టర్ నూనెలో ఉంది. రెండూ కలిసేది నూనె, నీరు తాకే సరిహద్దులో మాత్రమే. అందుకే మొదట నత్తనడక. కొంచెం సబ్బు పుట్టగానే అది నూనెను చిన్న చిన్న బొట్లుగా విడదీస్తుంది, సరిహద్దు వైశాల్యం పెరుగుతుంది, ఇంకా సబ్బు పుడుతుంది. సబ్బే సబ్బును పుట్టిస్తున్నట్లు అనిపిస్తుంది. ముందే చేసిన సబ్బు తురుము కొంచెం వేస్తే త్వరగా చిక్కబడటం మీరే గమనించవచ్చు.

సబ్బు చెడిందని ఎలా తెలుస్తుంది?

మా ప్రయోగశాలలో ఒక ఏడాది బ్యాచ్ మొత్తం పెళుసుగా, సున్నపు ముద్దలా వచ్చింది. సబ్బు తడిపి దాని మీద ఫినాఫ్తలీన్ చుక్క వేస్తే ముదురు గులాబీ రంగు. విచారిస్తే తూకం యంత్రం మీద గిన్నె బరువు తీసేయకుండా నూనె తూచారు. నూనె తక్కువ పడింది, సోడా మిగిలింది. సరైన సబ్బు కూడా కొంత క్షార స్వభావమే చూపుతుంది, పీహెచ్ 9 నుంచి 10 వరకు ఉంటుంది. కాబట్టి లేత గులాబీ చూసి బెదరక్కరలేదు. 11 దాటితే మాత్రం ఒంటికి వాడవద్దు.

దీనికి ఎదురు తప్పు కూడా ఉంది. కాస్టిక్ సోడా డబ్బా మూత సరిగా పెట్టకపోతే అది గాలిలోని తేమనూ కార్బన్ డయాక్సైడ్‌నూ పీల్చి కొంత సోడియం కార్బొనేట్‌గా మారుతుంది. మీరు 87 గ్రాములు తూచినా అసలు సరుకు అంత ఉండదు. అప్పుడు సబ్బు మెత్తగా, పైన నూనె చెమరుస్తూ వస్తుంది, కొన్నాళ్లకు కంపు కొడుతుంది. సబ్బు పైన పలుచని తెల్ల బూడిద మాత్రం దోషం కాదు. పైపొరలోని క్షారం గాలి తగిలి కార్బొనేట్ అయ్యింది, గీరేస్తే చాలు.

గ్లిజరాల్ ఏమవుతుంది?

ఇంట్లో చేసిన సబ్బులో అలాగే ఉండిపోతుంది. మన అర కిలో నూనెకు సుమారు 67 గ్రాములు. కర్మాగారాల్లో వేడి సబ్బులో ఉప్పు నీరు కలుపుతారు. సోడియం అయాన్లు పెరిగేసరికి సబ్బు కరిగి ఉండలేక పైకి తేలుతుంది, గ్లిజరాల్ కింది నీటిలో మిగులుతుంది. దాన్ని వేరుగా శుద్ధి చేసి అమ్ముతారు. గ్లిజరాల్‌ను 18వ శతాబ్దంలో మొదట వేరుచేసింది స్వీడన్‌కు చెందిన షీలే. కొవ్వు అంటే కొవ్వు ఆమ్లాలూ గ్లిజరాలూ కలిసిన పదార్థమని తేల్చి, 1823లో ఆ పరిశోధనను పుస్తకంగా తెచ్చింది ఫ్రాన్స్‌కు చెందిన షెవ్రోల్.

సరే, సబ్బు జిడ్డును ఎలా వదిలిస్తుంది?

పెసరట్టు పెనం తుడిచిన గుడ్డను ఉత్త నీళ్లలో ముంచండి. నీరు దాని మీద నుంచి జారిపోతుంది తప్ప లోపలికి దిగదు. నీటి అణువులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి, నూనె మీద పరుచుకోవడానికి ఇష్టపడవు. ఆ పట్టునే తలతన్యత అంటాం. నీటికి అది మీటరుకు 72 మిల్లీన్యూటన్లు. సబ్బు కలిపితే 30కి దగ్గరగా పడిపోతుంది. సబ్బు చేసే మొదటి పని ఇదే, నీటిని తడపగలిగేలా చేయడం.

సబ్బు అణువుకు రెండు చివరలు. పొడవాటి హైడ్రోకార్బన్ తోక నూనెకు చుట్టం, కార్బాక్సిలేట్ తల నీటికి చుట్టం. తోకను నీటిలో ఉంచితే చుట్టూ నీటి అణువులు బిగుసుకుని అమరాల్సి వస్తుంది. అది నీటికి అనుకూలం కాదు. అందుకే అణువులు నూనె, నీరు కలిసే సరిహద్దుకు చేరి తోకలు నూనెలోకి, తలలు నీటిలోకి పెట్టి నిలబడతాయి. తివాచీలా పరిచిన సబ్బు అణువుల మధ్య నూనెకూ నీటికీ ఉన్న వైరం తగ్గిపోతుంది.

ఇప్పుడు గుడ్డ పోగు మీద పరుచుకున్న నూనె పొరను ఊహించండి. సబ్బు నీరు పోగు మీదికి అంచుల నుంచి చొరబడుతుంది. నూనె పొర అంచులు లోపలికి ముడుచుకుంటూ, పరుచుకున్నది కాస్తా బొట్టుగా గుండ్రబడుతుంది. చేత్తో నలిపితే, లేదా వాషింగ్ మెషిన్ తిప్పితే ఆ బొట్టు ఊడిపోతుంది. ఊడిన బొట్టు చుట్టూ బయటికి చూస్తున్న ఋణావేశ తలలు ఉన్నాయి. పక్క బొట్టుకూ అలాగే ఉన్నాయి కాబట్టి రెండూ వికర్షించుకుంటాయి, కలిసి పెద్దబొట్టు కాలేవు. నీటిలో ఉన్న గుడ్డ పోగు మీద కూడా సాధారణంగా ఋణావేశమే ఉంటుంది, కాబట్టి తిరిగి అంటుకోవడమూ తగ్గుతుంది. జాడించినప్పుడు నీటితో పోతాయి.

మరి పాఠ్యపుస్తకంలో మిసెల్ మధ్యలో మురికి ఉన్న బొమ్మ తప్పా?

తప్పని అనను, కానీ కొలతలో మోసం చేస్తుంది. మిసెల్ అంటే తోకలు లోపలికి, తలలు బయటికి పెట్టి గుమిగూడిన కొన్ని పదుల సబ్బు అణువులు. దాని అడ్డుకొలత నాలుగు నానోమీటర్ల చుట్టూ ఉంటుంది. గుడ్డ మీద నుంచి ఊడే నూనెబొట్టు ఒక మైక్రోమీటరు ఉన్నా, మిసెల్‌కు 250 రెట్లు పెద్దది. ఏనుగును చీమల పుట్టలో దాచినట్లుంటుంది. జిడ్డులో ఎక్కువ భాగం పైన చెప్పినట్టు సబ్బు తొడుగు వేసుకున్న బొట్లుగానే పోతుంది, మిసెళ్లలో కరిగి పోయేది కొద్దిగా.

పైగా మిసెళ్లు ఎంత తక్కువ సబ్బుకైనా ఏర్పడవు. సోడియం లారేటుకైతే మామూలు ఉష్ణోగ్రతలో లీటరుకు అయిదారు గ్రాములు ఉంటే తప్ప అవి గుమిగూడవు. అంతకంటే ముందే సరిహద్దు దాదాపు నిండిపోతుంది.

మా బోరు నీళ్లకు సబ్బు నురగ రాదు. సబ్బు నాసిరకమా?

నీరే కారణం. ఆ నీటిలో కాల్షియం, మెగ్నీషియం అయాన్లు ఉన్నాయి. సోడియంకు ఒక ఆవేశం, కాల్షియంకు రెండు. ఒక్కో కాల్షియం రెండు కార్బాక్సిలేట్ తలలను పట్టుకుని కరగని తెల్లటి జిగురుగా మారుస్తుంది. బక్కెట్టు అంచున పట్టే ఆ మడ్డి అదే.

ఎంత సబ్బు పోతుందో లెక్క చూడండి. కఠినత్వాన్ని కాల్షియం కార్బొనేట్ లెక్కన చెబుతారు కాబట్టి 300 పీపీఎం అంటే లీటరుకు 3 మిల్లీమోల్‌ల కాల్షియం. అది 6 మిల్లీమోల్‌ల సబ్బును తినేస్తుంది. సోడియం లారేటు మోలార్ ద్రవ్యరాశి 222 కాబట్టి లీటరుకు 1.3 గ్రాములు. ఇరవై లీటర్ల బక్కెట్టులో 27 గ్రాముల సబ్బు, గుడ్డను తాకకముందే వృథా. తాగునీటి భారత ప్రమాణంలో వేరే వనరు లేనప్పుడు అనుమతించే హద్దు 600 పీపీఎం. ఆ నీటికి నష్టం రెట్టింపు. వాషింగ్ సోడా వేసి కాల్షియంను ముందే అవక్షేపంగా దింపేస్తే సబ్బు మిగులుతుంది. డిటర్జెంట్లకు ఈ బాధ చాలా తక్కువ, ఎందుకంటే వాటి తల కార్బాక్సిలేట్ కాదు, సల్ఫేట్ లేదా సల్ఫొనేట్. వాటి కాల్షియం లవణాలు అంత సులువుగా విడిపోయి కూర్చోవు.

నిమ్మరసమో వెనిగరో సబ్బులో కలిపితే శుభ్రం పెరుగుతుందా?

తగ్గుతుంది. ఆమ్లం కార్బాక్సిలేట్‌కు ప్రోటాన్‌ను తిరిగి ఇస్తుంది. నీటికి చుట్టమైన తల పోయి మళ్లీ కొవ్వు ఆమ్లం మిగులుతుంది. సబ్బు నీళ్లలో నిమ్మరసం పిండి చూడండి, పాలలా తెల్లబడి పైన జిడ్డు తేలుతుంది. నిమ్మ విడిగా వాడితే ఇత్తడి మచ్చలకు పనికొస్తుంది, సబ్బుతో కలిపి కాదు.

కుంకుడుకాయ కూడా సబ్బేనా?

రసాయనికంగా కాదు. అందులో నురగ తెచ్చేది సపోనిన్. చక్కెర భాగం నీటివైపు, కొవ్వులాంటి భాగం నూనెవైపు ఉంటుంది. పనితీరు సబ్బు లాంటిదే అయినా అక్కడ ఎస్టర్‌ను క్షారంతో విడగొట్టింది ఎవరూ లేరు. కార్బాక్సిలేట్ తల మీద ఆధారపడదు కాబట్టి కఠిన జలంలోనూ నురగ వస్తుంది. బోరు నీళ్లున్న ఊళ్లలో తలంటుకు కుంకుడుకాయే హాయి అని పెద్దలు అనేది ఉత్త అలవాటు మాట కాదు.

చాకిరేవులో చౌడు మట్టి వేసి బట్టలు ఉడకబెట్టేవారు. అక్కడ సబ్బు తయారయ్యేదా?

కొంచెం. చౌడులో ఉండేది ప్రధానంగా సోడియం కార్బొనేటు, బైకార్బొనేటు. ఇవి కాస్టిక్ సోడా కన్నా చాలా బలహీనమైన క్షారాలు, తాజా నూనెలోని ఎస్టర్ బంధాలను అంత సులువుగా విడగొట్టలేవు. కానీ ఒంటి జిడ్డులో, పాత నూనె మరకల్లో కొవ్వు ఆమ్లాలు ముందే స్వేచ్ఛగా ఉంటాయి. వాటి ప్రోటాన్‌ను లాగడానికి కార్బొనేటు బలం చాలు. ఉబ్బ వేడిలో ఆ మురికిలోని ఆమ్లమే అక్కడికక్కడ సబ్బుగా మారి, పక్కనున్న నూనెను కూడా తనతో తీసుకుపోయేది.